స్కోరు చూసి ట్యాబ్ మూసేయకండి: స్టెప్ 2 రాసే జూనియర్లకు

అమెరికా వచ్చి స్టెప్ 2 సీకేకి చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, ఎన్ని బ్లాకులు చేసినా అరవై శాతం దాటట్లేదు, ఏం చేయమంటావ్?" నిన్నటి బ్లాకులో తప్పుపోయినవాటి మీద ఎంతసేపు కూర్చున్నావని అడిగితే, "కరెక్ట్ ఆన్సర్ ఏదో చూసుకున్నా అన్నా" అంటారు. మీ టెన్షన్ నాకు తెలుసు. 2022 జనవరి నుంచి స్టెప్ 1లో పాసో ఫెయిలో మాత్రమే చెబుతున్నారు కాబట్టి, రెసిడెన్సీ వాళ్ళకు కనబడే అంకె స్టెప్ 2దే. అందుకే రోజూ శాతం చూసుకుంటాం. కానీ ఆ శాతం పెరగాలంటే చదవాల్సింది దాని కింద ఉన్న వివరణ.

ఒక ప్రశ్న తీసుకుందాం. టైప్ 1 డయాబెటిస్ ఉన్న పాతికేళ్ళ అమ్మాయి వాంతులు, కడుపునొప్పితో ఎమర్జెన్సీకి వచ్చింది. గ్లూకోజ్ 480, పీహెచ్ 7.1, పొటాషియం 2.9, కీటోన్లు పాజిటివ్. సెలైన్ మొదలుపెట్టారు, యూరిన్ బాగానే వస్తోంది. ఇప్పుడు ఏం చేయాలి? ఆప్షన్లు: ఇన్సులిన్ డ్రిప్, ఐవీ పొటాషియం, బైకార్బొనేట్, డెక్స్‌ట్రోజ్ కలిపిన ఫ్లూయిడ్.

డీకేఏ అని గుర్తుపట్టగానే చెయ్యి ఇన్సులిన్ మీదకు పోతుంది. జవాబు మాత్రం పొటాషియం. "ఓహో, పొటాషియమా" అనుకుని ముందుకెళ్తే మీరు నేర్చుకున్నది ఈ ఒక్క ప్రశ్నకు జవాబు. వివరణ చదివితే కారణం దొరుకుతుంది. ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి నెట్టేస్తుంది. అసలే 2.9 ఉన్నది ఇంకా పడిపోతే గుండె లయ తప్పుతుంది. కాబట్టి ముందు పొటాషియం ఎక్కించి, 3.5 దాటాక ఇన్సులిన్ మొదలుపెట్టాలి. పాత పుస్తకాల్లో ఈ హద్దు 3.3 అని ఉంటుంది, చూసి కంగారుపడకండి.

ఇక్కడితో ఆపేయొద్దు. మిగతా ఒక్కో ఆప్షన్ దగ్గర ఆగి, ప్రశ్నలో ఏది మారితే ఇదే సరైన జవాబు అవుతుందో అడగండి. పొటాషియం 4.2 ఉంటే ఇన్సులిన్ ఇవ్వొచ్చు, ఫ్లూయిడ్‌లో పొటాషియం కూడా కలపాలి. 5.8 ఉంటే ఇన్సులిన్ ఇచ్చి, పొటాషియం ఆపి, రెండేసి గంటలకు చూసుకోవాలి. పీహెచ్ 6.8 ఉంటే బైకార్బొనేట్ మాట వస్తుంది, 7.1కి అవసరం లేదు. చికిత్స నడుస్తుండగా గ్లూకోజ్ 250 కిందకు దిగితే డెక్స్‌ట్రోజ్ కలుపుతాం, ఎందుకంటే కీటోన్లు తగ్గేదాకా ఇన్సులిన్ ఆపకూడదు. చూశారా, ఒక్క వివరణలోంచి నాలుగు ప్రశ్నలు వచ్చాయి. పరీక్షలో మీకు తగిలేది ఈ నాలుగింటిలో ఏదో ఒకటి కావచ్చు, మీరు చేసిన ప్రశ్నే మళ్ళీ రాదు.

తర్వాత, అది ఎందుకు తప్పిందో నిజాయితీగా రాసుకోండి. ఇన్సులిన్‌కు, పొటాషియానికి సంబంధమే తెలియకపోతే చదవాల్సింది ఉంది. తెలిసి కూడా 2.9 కంటికి ఆనకపోతే ఇంకో పుస్తకం చదివినా లాభం లేదు. ఆప్షన్లు చూసేముందు ల్యాబ్ విలువలన్నీ చూసే అలవాటు చేసుకోవాలి. మన దగ్గర ఒక్క లైను ప్రశ్నలకు అలవాటుపడి వచ్చినవాళ్ళలో ఈ రెండో రకం తప్పులే నాకు ఎక్కువగా కనిపిస్తాయి. పదిరోజుల తప్పులు పక్కపక్కన పెట్టి చూస్తే మీరు ఏ రకమో తెలిసిపోతుంది.

గుడ్డిగా కొట్టి సరైపోయినవాటిని వదలకండి. స్కోరులో అవి మార్కులే, మీ తలలో మాత్రం ఖాళీలే. బ్లాక్ రాసేటప్పుడే అనుమానం ఉన్నవాటికి ఫ్లాగ్ పెట్టుకుంటే తర్వాత వెతుక్కునే పని ఉండదు.

నోట్సు విషయంలో ఒక్క మాట. వివరణను కాపీ చేసి అతికించకండి, ఎవరూ తిరిగి చదవరు. "డీకేఏలో పొటాషియం 3.5 లోపు ఉంటే ఇన్సులిన్ ఆగాలి" అని మీ మాటల్లో ఒక్క వాక్యం చాలు. మూడు నాలుగు రోజుల తర్వాత అది చూసి కారణం చెప్పగలిగితే అర్థమైనట్టు. చెప్పలేకపోతే వివరణ మళ్ళీ తెరవండి.

అదే క్వశ్చన్ బ్యాంక్ రెండోసారి చేసి ఎనభై శాతం వచ్చిందని సంబరపడొద్దు, అందులో కొంత ప్రశ్న గుర్తుండటం వల్ల వచ్చినదే. మీ స్థాయి తెలుసుకోవడానికి ఎప్పుడూ చూడని సెల్ఫ్ అసెస్‌మెంట్ రాయండి.

ఇలా చదివితే గంటలో రాసిన నలభై ప్రశ్నల బ్లాకుకు రెండు మూడు గంటలు పడుతుంది. అబ్జర్వర్‌షిప్ నుంచి అలసిపోయి వచ్చిన రోజు అంత టైమ్ దొరకదు. ఆ రోజు ఇరవై ప్రశ్నలే చేయండి, వాటి వివరణలు మాత్రం పూర్తిగా చదివాకే పడుకోండి.