12 ముక్కల పై చార్టులో కనిపించని పొదుపు

ప్రశ్న: ఇంటి ఖర్చులను, పొదుపును 12 పద్దులుగా రాసుకుని నెలనెలా స్ప్రెడ్‌షీట్‌లో పై చార్టు గీస్తున్నాను. రెండు నెలలూ ఆదాయం ఒకటే, చార్టులూ దాదాపు ఒకేలా ఉన్నాయి. పొదుపు మాత్రం తగ్గింది. ఆ డబ్బు ఎటు పోయిందో చార్టు చూస్తే ఎందుకు తెలియడం లేదు?

జవాబు: మీరు పంపిన పద్దులు చూశాను. లెక్కలో తప్పేమీ లేదు, మీకు కావలసిన జవాబు అందులోనే ఉంది. గుండ్రటి బొమ్మే దాన్ని దాచిపెడుతోంది.

పై చార్టులో ఒక శాతానికి దక్కే కోణం 3.6 డిగ్రీలు. మీ పొదుపు ఆదాయంలో 10 శాతం నుంచి 6 శాతానికి పడిపోయింది కాబట్టి ఆ ముక్క బాగానే సన్నబడింది. అయితే పోయిన 4 శాతం ఒకేచోటికి చేరలేదు. సరుకులు 14 నుంచి 15కు, ప్రయాణాలు 7 నుంచి 8కి, బయటి భోజనాలు 6 నుంచి 8కి పెరిగాయి. సరుకుల ముక్క వెడల్పయింది 3.6 డిగ్రీలే. గడియారంలో పెద్ద ముల్లు ఒక్క నిమిషంలో తిరిగేది అంతకన్నా ఎక్కువ, 6 డిగ్రీలు. అంత చిన్న తేడాను రెండు వేర్వేరు బొమ్మల్లో పట్టుకోవడం ఎవరి కంటికైనా కష్టమే.

పైగా ఒక ముక్క పెరిగితే దాని తరువాతి ముక్కలన్నీ పక్కకు జరుగుతాయి. మొదటి నెలలో నిటారుగా ఉన్న ముక్క రెండో నెలలో కాస్త వాలిపోతుంది. అప్పుడు మారింది పరిమాణమా, దిశా అన్నది తేల్చుకోవడానికే సమయం పడుతుంది. 1984లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే గణాంక శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని పరీక్షించి చూశారు. ఒకే కొలబద్ద మీద ఉన్న స్థానాలను పోల్చినప్పుడు మనం పొరబడేది తక్కువ, కోణాలను పోల్చినప్పుడు ఎక్కువ అని వారు గుర్తించారు.

ఇక రంగుల సంగతి. 12 పద్దులకు 12 రంగులు కావాలి, అందులో నీలాలే మూడు రకాలు. చూపు ముక్క మీదికి ఒకసారి, పక్కనున్న రంగుల పట్టిక మీదికి ఒకసారి తిరుగుతూనే ఉంటుంది. త్రీడీ పై చార్టు గీసే అలవాటుంటే ఈరోజే మానేయండి. బొమ్మ వాలడం వల్ల ముందున్న ముక్క ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

దీని బదులు అడ్డం బార్లు గీయండి. పద్దులను పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసపెట్టి, పేరు ఎడమవైపు, శాతం బారు చివర రాయండి. రంగుల పట్టిక అవసరమే ఉండదు. అన్ని బార్లూ బూడిద రంగులో ఉంచి, మీరు గమనిస్తున్న పొదుపుకు ఒక్కదానికే వేరే రంగు వేయండి. కొలబద్ద సున్నా నుంచే మొదలు కావాలి. 5 దగ్గర మొదలుపెడితే 6 శాతం బారు కన్నా 8 శాతం బారు మూడు రెట్లు పొడవుగా కనిపించి లేనిపోని కంగారు పెడుతుంది.

అయినా మీ ప్రశ్న రెండు నెలల మధ్య తేడా గురించి కదా. అలాంటప్పుడు ఆ తేడానే గీయడం మేలు. పాత నెల B నిలువు వరుసలో, కొత్త నెల C లో ఉంటే D లో ఈ సూత్రం రాసి కిందికి లాగండి:

```
=C2-B2
```

D ని బార్లుగా గీస్తే మారని ఎనిమిది పద్దులు సున్నా గీత మీదే ఉండిపోతాయి. బయటి భోజనాలు 2, సరుకులు 1, ప్రయాణాలు 1 చొప్పున కుడివైపుకు, పొదుపు 4 ఎడమవైపుకు సాగుతాయి. తగ్గిన 4 లో సగం బయటి భోజనాలకే పోయిందని చూడగానే తెలుస్తుంది. వచ్చే నెల నేనైతే ముందు ఆ పద్దునే పట్టుకుంటాను.

బార్లలో ఒక లోటు ఉంది. అన్నీ కలిపితే నూరు అవుతాయన్న సంగతి వాటిని చూస్తే తట్టదు. అది చూపాలనుకుంటే పద్దులను తప్పనిసరి ఖర్చులు, ఇష్టపడి చేసేవి, పొదుపు అని మూడుగా కలపండి. మూడు ముక్కలకైతే పై చార్టు చక్కగా సరిపోతుంది.

మరొక జాగ్రత్త. ఆదాయం మారిన నెలల్లో శాతాలకు బదులు అసలు మొత్తాలనే పోల్చండి. జీతం పెరిగిన నెలలో అద్దె మారకపోయినా దాని శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. ఇక ఖర్చు ఆదాయాన్ని మించి పొదుపు మైనస్‌లోకి పోయిన నెలలో పై చార్టు పూర్తిగా చేతులెత్తేస్తుంది, ఎందుకంటే మైనస్ ముక్క గీయడం సాధ్యం కాదు. ఎక్సెల్ అయితే ఆ మైనస్ గుర్తును పట్టించుకోకుండా, మీరు చేసిన అప్పును కూడా పొదుపులాగే ఒక నిండు ముక్కగా గీసి చూపిస్తుంది.