గేటు దగ్గరే అరగంట పోతోందా? ఇలా చేయండి

"10 గంటల ఇంటర్వ్యూకి 9:50కే గేటు దగ్గరున్నాను. అయినా లేటైంది. చొక్కా అంతా చెమట, టెన్షన్‌తో మాట రాలేదు. వచ్చే వారం మాదాపూర్‌లో ఇంకోటి ఉంది, ఏం చేయాలి?"

మీరు లెక్కేసుకున్నది గేటు వరకే. పెద్ద టెక్ పార్కుల్లో విజిటర్ పాస్, బ్యాగు తనిఖీ, లిఫ్టు క్యూ దాటి రిసెప్షన్ చేరేసరికి 20 నిమిషాలు సులువుగా పోతాయి.

1. చాలామంది వదిలేసేది ఇదే: ముందు రోజే హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి, "ఏ టవర్, ఏ అంతస్తు, గేటు దగ్గర ఎవరి పేరు చెప్పాలండీ?" అని అడగండి. సెక్యూరిటీ వాళ్లు అడిగేది ఆ పేరే. చెప్పలేకపోతే పక్కన నిలబెట్టేస్తారు. ఒరిజినల్ ఐడీ పై జేబులోనే ఉంచుకోండి.

2. 9:20కల్లా గేటు, 9:45కి రిసెప్షన్. ఇంకా ముందొస్తే బయటే ఆగండి. గంట ముందే వెళ్లి కూర్చుంటే వాళ్లకీ ఇబ్బందే.

3. తెల్ల కాటన్ చొక్కా వేసుకోండి. లేత నీలం, బూడిద రంగుల మీద చెమట మరక ఇట్టే కనబడుతుంది. బైక్ మీదైతే హెల్మెట్ తీశాక ముఖం కడుక్కుని, తల దువ్వుకునే రిసెప్షన్‌కి వెళ్లండి.

4. రిసెప్షన్‌లో "గుడ్ మార్నింగ్ అండీ" అని పేరు, టైము, కలవాల్సినవారి పేరు చెప్పండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి లోపల పెట్టేయండి. ఫైలు ఎడమ చేతిలో ఉంచండి. పిలవగానే లేచి నమస్కరించండి, వాళ్లు చేయి చాపితేనే కరచాలనం.