మావ అంటే ఏ మావ? మొదటి పోస్టింగ్‌కి వెళ్తున్న మా అమ్మాయికి

అమ్మడూ,

బొబ్బిలి కోర్టులో మేజిస్ట్రేట్‌గా ఇంకో పది రోజుల్లో జాయిన్ అవుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, చాలా సంతోషం. ఫైల్స్ ఎలా చూడాలి, ఆర్డర్ ఎలా రాయాలి అవన్నీ ట్రైనింగ్‌లో నేర్పే ఉంటారు, నేను దాంట్లో వేలు పెట్టను. కానీ ఒక పని మాత్రం ఏ ట్రైనింగ్‌లో చెప్పినా అర్ధరాత్రి హాస్పిటల్ నుంచి రమ్మని రిక్విజిషన్ వచ్చేదాకా అసలు సంగతి తెలీదు. అదే మరణ వాంగ్మూలం రాయడం, మన కోర్టు భాషలో డైయింగ్ డిక్లరేషన్. దీంట్లో నేను ఒకసారి తప్పు చేశాను, అది నువ్వు చెయ్యకూడదనే ఈ ఉత్తరం.

ముందు ఒక విషయం బుర్రలో పెట్టుకో. మామూలు సాక్షి బోనెక్కితే అవతలి లాయర్ క్రాస్ చేస్తాడు, ఎంత దూరంలో ఉన్నావు, లైట్ ఉందా, వాళ్లకీ నీకూ పొలం తగాదా ఉందా అని పీకి పీకి అడుగుతాడు, అబద్ధం ఉంటే అక్కడ బయటపడుతుంది. చనిపోయిన మనిషిని బోనెక్కించలేం కదా. పాత ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 32లో మొదటి క్లాజు, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 26లో ఎ క్లాజు, ఈ ఇబ్బంది కోసమే ఉన్నాయి. తన చావుకి కారణం గురించి గానీ, చావుకి దారి తీసిన పరిస్థితుల గురించి గానీ చనిపోయిన మనిషి చెప్పిన మాట, ఆ చావు ఎలా జరిగిందన్నదే తేలాల్సిన కేసులో, క్రాస్ లేకుండానే సాక్ష్యంగా తీసుకోవచ్చు.

ఎందుకు తీసుకుంటారు అంటే పుస్తకాలన్నీ ఒకే మాట చెప్తాయి, చచ్చే ముందు మనిషి అబద్ధం ఆడడు, దేవుడి ముందుకి అబద్ధం నోట్లో పెట్టుకుని వెళ్లడు అని. నాకు అదొక్కటే కారణం అంటే ఎప్పుడూ పూర్తిగా నమ్మకం కుదరలేదు. మన చట్టం కూడా దాని మీదే నిలబడలేదు. ఇంగ్లండ్ పాత పద్ధతిలో అయితే ఆ మనిషికి నేను పోతున్నాను అని తెలిసి ఉండాలి, మన దగ్గర ఆ రూల్ లేదు. దీనికి మన రైలు లైను మీద జరిగిన కేసే ఉంది, పాకాల నారాయణస్వామి కేసు. 1937 మార్చిలో పూరీ స్టేషన్‌లో రైలు పెట్టెలో ఒక స్టీలు ట్రంకు దొరికింది, తెరిస్తే లోపల ముక్కలు చేసిన శవం. నారాయణస్వామి ముద్దాయి, చనిపోయినాయన పిఠాపురం మనిషి. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు, నాకు రావాల్సిన డబ్బు ఇస్తామని ఉత్తరం వచ్చింది, బరంపురం వెళ్తున్నాను అని భార్యతో చెప్పాడు. మన ఆముదాలవలస మీదుగా పోయే లైనే. పాపం ఆయనకి చస్తానని తెలీదు కదా, అయినా 1939లో, అప్పట్లో మనకి ఆఖరి కోర్టు అయిన ప్రివీ కౌన్సిల్ ఆ మాటని సాక్ష్యంగా తీసుకుంది, చావుకి దారి తీసిన పరిస్థితుల్లో అదీ ఒకటే అని.

అంటే అసలు కారణం అవసరం. లోపల గదిలో ఏం జరిగిందో చూసిన మనిషి ఒక్కరే, ఆ మనిషి ఇప్పుడు లేరు, ఆ మాట కూడా కొట్టేస్తే చంపినవాడికే లాభం. సుప్రీం కోర్టు 1958లో రిపోర్ట్ అయిన ఖుషాల్ రావు కేసులో చెప్పింది కూడా ఇదే దారి, మాట నిజమైనదీ, ఎవరూ నేర్పి చెప్పించనిదీ అని కోర్టుకి నమ్మకం కుదిరితే ఇంకో సాక్ష్యం తోడు లేకపోయినా దాని మీదే శిక్ష వెయ్యొచ్చు. ఒక్క కాగితం మీద జన్మఖైదు పడొచ్చమ్మా, అది నువ్వు రాసిన కాగితం.

అందుకే నేను చెప్పేది, క్రాస్ లేదు అనుకోకు, ఆ క్రాస్ పని మంచం పక్కన నువ్వే చెయ్యాలి. తర్వాత ఎలాగూ నిన్నే బోనెక్కిస్తారు.

ఇక నా సంగతి. సర్వీసులో చేరిన కొత్త, రాత్రి పదకొండు దాటాక కబురొచ్చింది, కాలిన కేసు. వెళ్లాను. వార్డులో పచ్చి చర్మం వాసన, దోమతెర కట్టిన మంచం, ఇరవై మూడేళ్ల అమ్మాయి. నా పేరు, నేను మేజిస్ట్రేట్‌ని అని చెప్పాను, నీ పేరేంటమ్మా, ఏ ఊరు, ఇప్పుడు ఎక్కడ ఉన్నావు, పగలా రాత్రా అని అడిగాను, అన్నిటికీ సరిగ్గానే చెప్పింది. ఏం జరిగిందమ్మా అంటే, "మావ కిరసనాయిలు పోసినాడండి, అత్త అగ్గిపుల్ల గీసింది" అంది. నేను ఏం రాశాను? చదువుకున్నోడిని కదా, "మామయ్య కిరోసిన్ పోశాడు, అత్తయ్య నిప్పంటించింది" అని నీట్‌గా రాశాను. మర్నాడు సాయంత్రం ఆ అమ్మాయి పోయింది.

సెషన్స్ కోర్టులో మొగుడూ, మావా, అత్తా ముగ్గురూ ముద్దాయిలు. డిఫెన్స్ లాయర్ పెద్దాయన, నన్ను ఏకవచనంలో ఒక్క మాట అనలేదు, చాలా మర్యాదగా అడిగాడు. ఈ ప్రాంతంలో ఆడవాళ్లు మొగుణ్ణి ఏమని పిలుస్తారండీ? మావ అని. మొగుడి తండ్రిని? అదీ మావే. మేనమామని చేసుకుంటే? ఇంకేముంది, మావే. మరి మీరు మామయ్య అని రాశారు, ఆవిడ నోటితో ఆ మాట అందా? నాకు అబద్ధం చెప్పే దారి లేదు, లేదండీ అన్నాను. ఏ మావ అని మీరు అడిగారా? అడగలేదు. అంతే, కూచున్నాడు. మగాళ్లిద్దరిలో పోసింది ఎవరో తేలలేదని బెనిఫిట్ ఆఫ్ డౌట్ ఇచ్చారు, రాసిన మేజిస్ట్రేటే ఆ కాగితాన్ని తన మాటల్లోకి మార్చేశాడు కాబట్టి మొత్తం దాని మీదే నమ్మకం పోయి అత్త కూడా బయటికొచ్చేసింది. ఆ మగాళ్లిద్దరిలో ఎవరో ఒకరు పోశారు, అది మాత్రం నిజం. నేను నాలుగు అక్షరాలు మార్చినందుకు.

మన ఆంధ్రా క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ 33వ రూల్ తీసి చదువు, ఇదంతా అందులో ఉంది. వీలైనంతవరకు ఆ మనిషి మాటల్లోనే రాయాలి, ముద్దాయిని గుర్తుపట్టే వివరాలు రాబట్టాలి, అడిగిన ప్రతి ప్రశ్నా, చెప్పిన ప్రతి జవాబూ, సైగ చేస్తే ఆ సైగ కూడా రాయాలి. నేను ఆ రూల్ చదివే ఉన్నాను, అదే బాధ. కాబట్టి మావ అంటే మావ అనే రాసి, కింద రెండో ప్రశ్న వెయ్యి, ఏ మావ, ఆయన నీకు ఏటవుతాడు అని. చాలామంది ఆడవాళ్లు ఆ స్థితిలో కూడా మొగుడి పేరు నోటితో చెప్పరు, నువ్వు చూస్తావు, అప్పుడు పేరు నువ్వు అందించకు. పేరు చెప్పలేదు, మెడలో తాడు చూపించింది అని ఉన్నది ఉన్నట్టు రాయి. "మీ ఆయనే పోశాడా" అని అడిగావంటే మాత్రం ఆ కాగితం అక్కడే సగం చచ్చినట్టు.

మొదటి ప్రశ్న వేసేముందు ఇంకో పని ఉంది, గదిలోంచి అందర్నీ పంపెయ్యాలి. పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, కానిస్టేబుల్ సహా. తల్లి ఏడుస్తుంది, నన్ను ఉండనివ్వండి తల్లీ అని నీ కాళ్లు పట్టుకుంటుంది, అయినా పంపు. అలా పంపేశాను అన్న సంగతి కూడా కాగితం మీద రాయి, ఎందుకంటే కోర్టులో మొట్టమొదట వచ్చే మాట తల్లి నేర్పి చెప్పించింది అనే.

తర్వాత డాక్టర్ సర్టిఫికెట్. దీని మీద పెద్ద గొడవే జరిగింది. 1999లో మన రాష్ట్రం కేసులోనే, డాక్టర్ పేషెంట్ స్పృహలో ఉంది అని మాత్రం రాశాడు, మానసికంగా చెప్పగలిగే స్థితిలో ఉంది అని రాయలేదు, స్పృహ వేరు ఆ స్థితి వేరు అని సుప్రీం కోర్టు ఆ వాంగ్మూలాన్ని నమ్మలేదు. 2002లో లక్ష్మణ్ కేసులో ఐదుగురు జడ్జీల బెంచి అది మరీ టెక్నికల్‌గా చూడటమని తేల్చింది, సర్టిఫికెట్ జాగ్రత్త కోసమే, మనిషి చెప్పగలిగే స్థితిలో ఉందని రాసుకున్నవాళ్లకి నమ్మకం కుదిరితే చాలు అంది. ఇది చూసుకుని సర్టిఫికెట్ అక్కర్లేదులే అనుకోకు. డాక్టర్ ఉంటే ముందు ఒకటి, అయ్యాక ఒకటి రాయించుకో, మధ్యలో స్పృహ తప్పలేదని. కేస్ షీట్ తెప్పించి నొప్పికి ఏ ఇంజెక్షన్ ఎన్ని గంటలకి ఇచ్చారో నీ కళ్లతో చూడు, మత్తులో మాట్లాడింది అనే మాట ఎలాగూ వస్తుంది. నీ నమ్మకం దేని మీద కుదిరిందో ఆ చిన్న చిన్న ప్రశ్నలూ జవాబులూ కాగితం మీద ఉండాలి, "ఫిట్‌గా ఉందని నేను తృప్తి చెందాను" అని ఒక్క లైను రాస్తే సరిపోదు. ఎన్ని పర్సెంట్ కాలితే మాట చెల్లదు అని లెక్కేం లేదు, ఒళ్లంతా కాలిన మనిషి మాట కూడా కోర్టులు నమ్మిన సందర్భాలున్నాయి.

చివర్లో చదివి వినిపించాలి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. రెండు చేతులూ కాలిపోయాయని కేస్ షీట్‌లో ఉండి, నీ కాగితం మీద గీతలన్నీ తెలిసేలా బొటనవేలి ముద్ర ఉంటే అది ఎక్కడిది అని అడుగుతారు, అలాంటి అనుమానం మీదే వీగిపోయిన కేసులున్నాయి. చెయ్యి కాలితే కాలి బొటనవేలు తీసుకుని, ఎందుకు అలా తీసుకున్నావో పక్కన రాయి. ఆ తర్వాత కవర్లో పెట్టి సీల్ వేసి సంబంధిత కోర్టుకి నేరుగా పంపు, ఆ వార్డు వరండాలో ఎస్సై వచ్చి ఏం చెప్పిందండీ అంటే నోరు తెరవకు.

ఇంకోటి, ఆ మనిషి బతికితే ఏంటి అని నువ్వు అడుగుతావని నాకు తెలుసు. బతికితే అది మరణ వాంగ్మూలం కాదు, ఆ మనిషే బోనెక్కి చెప్పాలి, మామూలుగానే క్రాస్ జరుగుతుంది, నీ కాగితం ఆవిడ మాటకి బలంగానో, మాట మార్చితే ఎదురు చూపించడానికో పనికొస్తుంది అంతే. అలా ఒక అమ్మాయి బతికి కోర్టుకొచ్చి, నేను రాసినవన్నీ కాదంది, స్టవ్ పేలింది అంది. ఒళ్లో బిడ్డ ఉంది. నాకు కోపం రాలేదు.

వచ్చే ఆదివారం నరసన్నపేట రా, మీ పెద్దమ్మ చూడాలంటోంది. ఇంకు ప్యాడ్ ఒకటి కొని నీ బ్యాగులో వేసుకో, హాస్పిటల్లో ఉండేది ఎప్పుడూ ఎండిపోయే ఉంటుంది.

మీ పెదనాన్న