సరుకు ఖాతా ఏడాదంతా నిద్రపోతుంది

"సార్, ఈ ఏడాది బీకాం పూర్తి చేశాను. అమెరికా కంపెనీల లెక్కలు రాసే హైదరాబాద్ ఆఫీసు ఒకదానికి ఇంటర్వ్యూకి వెళ్లాను. కొన్ని అంకెలిచ్చి, పీరియాడిక్ పద్ధతిలో ముగింపు పద్దులు రాయమన్నారు. ఓపెనింగ్ స్టాక్, కొనుగోళ్లు, క్లోజింగ్ స్టాక్ అన్నిటినీ ట్రేడింగ్ ఖాతాకు మళ్లించాను. 'మరి కాగ్స్ ఖాతా ఏదమ్మా?' అన్నారు. జవాబు చెప్పలేకపోయాను. మా పుస్తకాల్లో ఆ ఖాతాయే లేదు. దీనికోసం వేరే కోర్సులో చేరాలా?"
– ఒక విద్యార్థిని, గుంటూరు

కోర్సు అక్కర్లేదమ్మా, ఆ ఫీజు మిగుల్చుకోండి. మీరు రాసింది మన పద్ధతి ప్రకారం సరైన జవాబే. వాళ్లు అడిగింది అదే లెక్కను ఇంకొక ఖాతా గుండా నడిపించమని. రెండు సాయంత్రాలు కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుంటే చాలు.

కాగ్స్ అంటే కాస్ట్ ఆఫ్ గూడ్స్ సోల్డ్, అంటే అమ్మిన సరుకు మనకు పడిన ఖరీదు. మన ట్రేడింగ్ ఖాతాలో ఒక పక్క అమ్మకాలు, ఇంకో పక్క సరుకు తాలూకు ఖర్చులు రాసి నేరుగా స్థూల లాభం తేలుస్తాం. దాంతో అమ్మిన సరుకు ఖరీదు ఎంత అన్న అంకె ఎక్కడా విడిగా కనిపించదు. అమెరికా లెక్కల్లో అమ్మకాలను ఆ ఖాతాలోకి రానివ్వరు. సరుకు ఖర్చును మాత్రమే ఒకచోట పోగుచేసి, ఆ మొత్తాన్ని లాభనష్టాల పట్టికలో అమ్మకాల కింద చూపిస్తారు. అక్కడి పుస్తకాల్లో కొన్ని ఇన్‌కమ్ సమ్మరీ అనే ఖాతాకు అన్నీ మళ్లించే దారి కూడా చూపిస్తాయి. అది మన ట్రేడింగ్ ఖాతాకు దగ్గరి చుట్టం. మిమ్మల్ని అడిగింది మాత్రం కాగ్స్ దారి.

ఇప్పుడు ఒక హార్డ్‌వేర్ కొట్టును ఊహించుకోండి. మేకులు కిలోల్లో, పైపులు అడుగుల్లో, బోల్టులు గుప్పెళ్లలో అమ్ముడుపోతాయి. వంద రూపాయల మేకులు అమ్మినప్పుడు అందులో మన ఖరీదు ఎంతో అప్పటికప్పుడు రాసుకుంటూ కూర్చోవడం కుదిరే పని కాదు. అందుకని యజమాని రెండే పనులు చేస్తాడు. కొన్నదంతా కొనుగోళ్ల ఖాతాలో రాస్తాడు, అమ్మిందంతా అమ్మకాల ఖాతాలో రాస్తాడు. సరుకు ఖాతాను ఏడాదంతా ఎవరూ తాకరు. పీరియాడిక్ పద్ధతి అంటే ఇదే. 2024 ఏప్రిల్ 1న అందులో ఎంత ఉందో, 2025 మార్చి 31 సాయంత్రం కూడా అంతే ఉంటుంది.

చాలామంది తడబడేది ఇక్కడే. మార్చి 31 నాటి ట్రయల్ బ్యాలెన్స్‌లో 'సరుకు 4,00,000' అని కనిపిస్తే అది ఆ రోజు కొట్లో ఉన్న సరుకు అనుకుంటారు. కాదు, అది పోయిన ఏడాది లెక్కపెట్టిన సరుకు. అందులో చాలా భాగం ఎప్పుడో అమ్ముడైపోయి ఉంటుంది. ఆ పాత అంకెను తీసేసి కొత్త అంకెను పెట్టడం, ఆ మార్పిడిలోంచి అమ్మిన సరుకు ఖరీదును రాబట్టడం, ముగింపు పద్దులు చేసే పని అంతా ఇదే.

మన కొట్టు అంకెలు ఇవి అనుకుందాం. ఓపెనింగ్ స్టాక్ 4,00,000. కొనుగోళ్లు 22,00,000. కొన్న సరుకు కొట్టుకు చేరడానికి అయిన లారీ కిరాయి 60,000. తిప్పి పంపిన సరుకు 90,000. అమ్మకాలు 26,00,000. మార్చి 31న కొట్టు మూసి లెక్కపెడితే తేలిన సరుకు, కొన్న ధరల ప్రకారం, 5,20,000.

మొదట పాత సరుకును సరుకు ఖాతా నుంచి బయటకు తీస్తాం:

కాగ్స్ ఖాతా డెబిట్ 4,00,000
సరుకు ఖాతా క్రెడిట్ 4,00,000

ఇప్పుడు సరుకు ఖాతా సున్నా. తర్వాత ఏడాది పొడవునా పోగైన కొనుగోళ్ల కుటుంబాన్ని మొత్తం ఖాళీ చేస్తాం. కొనుగోళ్లలోనూ కిరాయిలోనూ డెబిట్ నిల్వ ఉంది కాబట్టి వాటిని క్రెడిట్ చేయాలి. వాపసుల ఖాతాలో క్రెడిట్ నిల్వ ఉంది కాబట్టి దాన్ని డెబిట్ చేయాలి:

కాగ్స్ ఖాతా డెబిట్ 22,60,000
కొనుగోళ్ల ఖాతా క్రెడిట్ 22,00,000
కొనుగోలు కిరాయి ఖాతా క్రెడిట్ 60,000

కొనుగోలు వాపసుల ఖాతా డెబిట్ 90,000
కాగ్స్ ఖాతా క్రెడిట్ 90,000

ఇక్కడ ఒక్క క్షణం ఆగి కాగ్స్ ఖాతాలో ఎంతుందో చూడండి: 25,70,000. ఇది అమ్మిన సరుకు ఖరీదు కాదు, ఏడాది మొత్తంలో అమ్మడానికి మన చేతికొచ్చిన సరుకు ఖరీదు. అంటే ఇప్పటిదాకా 'ఉన్నదంతా అమ్మేశాం' అన్నట్టు రాసుకుంటూ వచ్చాం. అమ్మకుండా మిగిలినదాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి:

సరుకు ఖాతా డెబిట్ 5,20,000
కాగ్స్ ఖాతా క్రెడిట్ 5,20,000

కాగ్స్‌లో 20,50,000 మిగిలింది. క్లోజింగ్ స్టాక్‌ను ఖర్చు ఖాతాకు క్రెడిట్ చేయడం ఎందుకని మీ తోటి విద్యార్థులు తరచూ అడుగుతారు. ఎక్కువ రాసిన ఖర్చును తగ్గిస్తున్నాం కాబట్టి. ఆఖరున ఈ 20,50,000ను లాభనష్టాల ఖాతాకు మళ్లిస్తే కాగ్స్ ఖాతా కూడా మూతపడుతుంది. 26,00,000 అమ్మకాల్లోంచి తీసేస్తే స్థూల లాభం 5,50,000. మీ ట్రేడింగ్ ఖాతా దారిలో వెళ్లినా ఒక్క రూపాయి తేడా రాదు, చేసి చూడండి.

పద్దులు రాశాక సరిచూసుకోవడానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. కొనుగోళ్లు, కిరాయి, వాపసుల ఖాతాలు మూడూ సున్నా కావాలి. సరుకు ఖాతాలో ఉన్న అంకె, లెక్కపెట్టిన కాగితం మీది అంకె ఒకటే కావాలి. నేను ఆడిట్ ఆఫీసులో చేరిన కొత్తలో ఆఖరి పద్దు రాసి మొదటి పద్దు మరిచిపోయాను. ఈ కొట్టు అంకెల్లో అదే పొరపాటు చేస్తే సరుకు 9,20,000 అని తేలుతుంది, కాగ్స్ 16,50,000కు పడిపోతుంది, లాభం 9,50,000కు ఎగబాకుతుంది. డెబిట్, క్రెడిట్ సరిపోతూనే ఉంటాయి, ట్రయల్ బ్యాలెన్స్ కిక్కురుమనదు. సరుకు ఖాతాను లెక్క కాగితంతో పోల్చకపోతే ఇక పట్టించేది లాభం శాతమే. అమ్మకాల మీద సుమారు 21 శాతం ఉండాల్సింది 36 శాతం దాటిపోతుంది. హార్డ్‌వేర్ కొట్టులో ఒక్క ఏడాదిలో అంత మార్పు కనిపిస్తే యజమానిని అభినందించే ముందు సరుకు ఖాతా తెరిచి చూడాలి.

ఇంతకంటే మొండి పొరపాటు ఇంకొకటి ఉంది. ఇంటర్వ్యూకి రెండోసారి పిలిస్తే దీని మీదే గుచ్చి అడిగే అవకాశం ఎక్కువ. ఇదే కొట్టులో మార్చి 30న 35,000 రూపాయల పైపులు దిగాయనుకోండి. మర్నాటి లెక్కలో వాటినీ కలిపి 5,20,000 అన్నారు. బిల్లు మాత్రం ఏప్రిల్ 3న కొనుగోళ్లలో ఎక్కింది. సరుకు వచ్చింది కానీ కొన్నట్టు లేదు. కాగ్స్ 20,85,000 ఉండాల్సింది 20,50,000 అయింది, లాభం 35,000 ఎక్కువ కనిపించింది, అప్పులవాళ్ల ఖాతాలో అంతే తక్కువ కనిపించింది. వచ్చే ఏడాది ఇదే లాభం తిరగబడి తగ్గుతుంది. పద్దుల్లో ఎంత వెతికినా ఇది దొరకదు, ఎందుకంటే పద్దులన్నీ సరిగానే ఉన్నాయి. సరుకు దిగిన తేదీలున్న పుస్తకాన్నీ, ఏప్రిల్ మొదటి వారం బిల్లులనూ పక్కపక్కన పెట్టుకుంటేనే బయటపడుతుంది.

ఈ పద్ధతికి ఒక గుడ్డితనం ఉంది, అది కూడా తెలిసి ఉండాలి. కొట్టులోంచి 20,000 సరుకు ఎవరైనా ఎత్తుకుపోతే లెక్కలో ఆ మేరకు సరుకు తగ్గుతుంది, కాగ్స్ ఆ మేరకు పెరుగుతుంది. దొంగ పట్టుకెళ్లినదీ కొనుగోలుదారు పట్టుకెళ్లినదీ ఈ ఖాతాకు ఒకటే. యజమాని తన ఇంటికి రంగు డబ్బాలు తీసుకెళ్లినా అంతే. అందుకే సొంత వాడకానికి తీసుకున్న సరుకును ఏ రోజుకారోజు సొంతవాడకాల ఖాతాకు డెబిట్, కొనుగోళ్లకు క్రెడిట్ రాసి తీసేయాలి.

మన దగ్గర ఉద్యోగానికి వెళ్తే ఈ పద్దులు ఎక్కడ కనిపిస్తాయని మీకు అనుమానం రావచ్చు. చిన్న కొట్ల లెక్కలు ఎక్కువగా టాలీ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. అందులో Integrate accounts with inventory అన్నది No అని ఉంటే, స్టాక్ లెడ్జర్‌లో మార్చి 31 తేదీ వేసి క్లోజింగ్ స్టాక్ విలువ మీరే నింపాలి. మిగతా మార్పిడి అంతా అది నివేదికలో తానే చూపిస్తుంది, ముగింపు పద్దు రాయనక్కర్లేదు. విలువ నింపడం మరిచిపోతే మాత్రం లాభం తారుమారవుతుంది. కంపెనీల విషయం వేరు. 2013 కంపెనీల చట్టంలోని మూడో షెడ్యూలు ప్రకారం లాభనష్టాల పట్టికలో కాగ్స్ అనే వరుస ఉండదు. సరుకు కొనుగోళ్లు ఒక వరుసలో, సరుకు నిల్వలో వచ్చిన మార్పు ఇంకో వరుసలో వస్తాయి. మన కొట్టు కంపెనీ అయితే ఆ మార్పు 1,20,000. నిల్వ పెరిగింది కాబట్టి అది ఖర్చులోంచి తగ్గుతుంది. మీరు పై పద్దుల్లో చేసింది అదే, మొదటిదాన్నీ ఆఖరిదాన్నీ కలిపి ఒక అంకెగా చూపించారు, అంతే.

ఆ ఆఫీసు వాళ్లు మళ్లీ పిలిచి అంకెలు చేతికిస్తే, పెన్ను కదపకముందే ట్రయల్ బ్యాలెన్స్‌లో కొనుగోళ్ల ఖాతా ఉందో లేదో చూడండి. ఉంటే పైన రాసిన పద్దులే. కొనుగోళ్ల ఖాతా లేకుండా కాగ్స్ ఖాతాలో ముందే నిల్వ కనిపిస్తే అది పర్పెచువల్ పద్ధతి. అక్కడ ప్రతి అమ్మకంతో పాటే ఖరీదు కూడా సరుకు ఖాతా నుంచి కాగ్స్‌కు వెళ్లిపోతుంది. ఏడాది చివర లెక్కపెట్టినప్పుడు పుస్తకం కంటే సరుకు తక్కువ తేలితే ఆ తరుగు ఒక్కటి రాస్తే సరిపోతుంది. ఓపెనింగ్ స్టాక్‌ను మళ్లీ కదిలించారంటే ఒకే ఖర్చును రెండుసార్లు రాసినట్టు అవుతుంది.