జవాబు ఆ నల్ల గుండ్రం దగ్గరే ఉంది

"పెడిగ్రీ చార్ట్ ఫోటో పెట్టాను. ఇది ఎక్స్-లింక్డ్ రిసెసివ్ అనుకుంటున్నా, కరెక్టేనా?"

కాదండీ, ఆటోసోమల్ రిసెసివ్, అంటే ఆ జన్యువు ఎక్స్ మీద కాక మామూలు క్రోమోజోమ్ మీద ఉంది, రెండు కాపీలూ ఉంటేనే లక్షణం బయటపడుతుంది. రెండో తరంలో ఎడమవైపు జంటను చూడండి, నాన్న చదరం, అమ్మ గుండ్రం రెండూ ఖాళీ, అంటే వాళ్లలో ఆ లక్షణం లేదు, కానీ వాళ్ల చివరి సంతానం నల్లగా నింపిన గుండ్రం, అంటే లక్షణం ఉన్న అమ్మాయి. అమ్మానాన్నలిద్దరిలో కనిపించనిది బిడ్డలో బయటపడిందంటే అది రిసెసివే. ఇక ఎక్స్-లింక్డ్ అయితే ఆ అమ్మాయికి రెండు ఎక్స్‌లలోనూ ఆ జన్యువు ఉండాలి, అందులో ఒకటి నాన్న ఇచ్చిందే, ఆయనకున్నదే ఒక్క ఎక్స్ కాబట్టి ఆయన చదరం కూడా నల్లగా ఉండి తీరాలి.

ఫోటోలో ఆ చదరం మూలన నీడ పడింది, పుస్తకంలో ఒకసారి చూసుకోండి. అది నిజంగా నింపి ఉంటే ఎక్స్-లింక్డ్‌ను కొట్టిపారేయలేం. ఆ ఇద్దరి మధ్య ఉన్న జంట గీత మేనరికం లాంటి దగ్గరి సంబంధానికి గుర్తు, రిసెసివ్‌కు బలమిస్తుంది గానీ అదొక్కటే రుజువు కాదు.