జనవరి పొగమంచులో కాశీ ప్రయాణం: ఏ టైం ఫ్లైట్ తీసుకోవాలి?

ప్రశ్న: జనవరి రెండో వారంలో అమ్మానాన్నలని తీసుకుని హైదరాబాద్ నుంచి కాశీ వెళ్లాలి. ఉదయం 6 గంటలకి బయల్దేరి ఢిల్లీలో ఫ్లైట్ మారే టికెట్ చవగ్గా ఉంది. మధ్యాహ్నం డైరెక్ట్ ఫ్లైట్‌కి రేటు ఎక్కువ. పొద్దున్నే మొదటి ఫ్లైట్ అయితే లేట్ అవదంటారు కదా, పొగమంచు సీజన్‌లో కూడా అంతేనా?

జవాబు:

డైరెక్ట్ ఫ్లైటే తీసుకోండి. మొదటి ఫ్లైట్ సలహా ఏడాదిలో ఎక్కువ భాగం బాగానే పనిచేస్తుంది. డిసెంబర్ మూడో వారం నుంచి జనవరి చివరి దాకా, ఉత్తరాదికి వెళ్లేవాళ్లకి మాత్రం అదే సలహా ఎదురు తిరుగుతుంది. నేను కొన్నేళ్లుగా గుర్‌గావ్‌లో ఉంటున్నాను, ప్రతి సంక్రాంతికీ ఈ రాకపోకల గొడవ పడుతూనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ మంచు ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు పోతుందో చూద్దాం. పడమటి నుంచి వచ్చే వాతావరణ అలజడి ఒకటి దాటిపోతూ కాస్త వాన కురిపిస్తుంది, నేలలో తేమ ఉంటుంది. ఆ తర్వాతి రాత్రుల్లో ఆకాశం తేటగా ఉండి, గాలి ఆగిపోతే, నేల తన వేడినంతా పైకి వదిలేసి చల్లబడుతుంది. నేలని ఆనుకున్న గాలిలోని తేమ సన్నటి బిందువులుగా మారుతుంది. గంగా మైదానంలో దుమ్మూ పొగా ఎక్కువ కాబట్టి ఆ బిందువులు పట్టుకోవడానికి కణాలకి కొదవ లేదు. నేల బాగా చల్లబడేది సూర్యోదయం వేళకి. జనవరిలో ఢిల్లీలో సూర్యోదయం దాదాపు 7:15కి. అందుకే 5 నుంచి 9 మధ్య మంచు అత్యంత దట్టంగా ఉంటుంది. చాలాసార్లు తెల్లవారాక కాసేపు ఇంకా ముదురుతుంది కూడా, కొత్తవాళ్లు దీనికి ఆశ్చర్యపోతారు. ఎండ పడ్డాక 10, 11 గంటలకి పలచబడుతుంది.

అయితే మంచు పోయిన నిమిషంలో ఫ్లైట్లు మామూలవవు. పొద్దున్నుంచి ఆగిపోయినవన్నీ ఒకేసారి లైన్లోకి వస్తాయి. ఆ రద్దీ తీరేసరికి మధ్యాహ్నం అవుతుంది. అందుకే నేను చూసేది ఒక్కటే: ఉత్తరాది ఎయిర్‌పోర్టులో విమానం దిగే టైం 12:30 నుంచి 4 మధ్యలో ఉందా లేదా. బయల్దేరే టైం కాదు, దిగే టైం. హైదరాబాద్‌లో 6కి ఎక్కితే ఢిల్లీలో దిగేది 8:15 ప్రాంతంలో, అంటే సరిగ్గా మంచు నడిమధ్యలో.

"ఢిల్లీలో మంచులో కూడా దింపే టెక్నాలజీ ఉంది కదా" అని ఎవరో ఒకరు అంటారు. ఉంది. దాన్ని క్యాట్ 3బి అంటారు. రన్‌వే మీద 50 మీటర్ల దూరం కనిపిస్తే చాలు, దిగొచ్చు. మామూలు క్యాట్ 1 పద్ధతిలో దిగాలంటే దాదాపు 550 మీటర్లు కనిపించాలి. కానీ క్యాట్ 3 పనిచేయాలంటే రన్‌వే, విమానం, పైలట్ మూడూ ఆ స్థాయిలో ఉండాలి. చిన్న ఏటీఆర్ విమానాలకి ఆ సౌకర్యం ఉండదు. పైగా టేకాఫ్‌కి సాధారణంగా 125 మీటర్లు కావాలి. అంటే 50కీ 125కీ మధ్య ఉన్నప్పుడు విమానాలు దిగుతాయి, కానీ లేవలేవు. దిగినవి దిగినట్టు నిలబడిపోతే కాసేపటికి పార్కింగ్ నిండిపోతుంది, తర్వాత వచ్చేవాటికి చోటుండదు. ఒకదానికీ ఒకదానికీ మధ్య ఎడం కూడా పెంచుతారు కాబట్టి గంటకి దిగే విమానాల సంఖ్య తగ్గిపోతుంది. ఇంత ఏర్పాటున్న ఢిల్లీ పరిస్థితే ఇది. కాశీ, పట్నా లాంటి చోట్ల క్యాట్ 3 కూడా లేదు. అక్కడ 300 మీటర్లు కనిపిస్తున్నా విమానం దిగలేక వెనక్కి వెళ్లిపోవచ్చు.

ఇప్పుడు మీ చవక టికెట్‌నే తీసుకుందాం. 6కి బయల్దేరి 8:15కి ఢిల్లీ, అక్కడ 10 గంటలకి కాశీ ఫ్లైట్ అనుకోండి. కాగితం మీద గంటా ముప్పావు టైం ఉంది. ఆ పొద్దున్న ఢిల్లీలో 150 మీటర్లే కనిపిస్తోందనుకుందాం. మీ విమానాన్ని గాల్లో తిప్పే బదులు శంషాబాద్‌లోనే ఆపుతారు. ఎన్ని విమానాలని ఏ టైంకి వదలాలో చెప్పే కేంద్రం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి ఉంది, అది మీ విమానానికి కొత్త టేకాఫ్ టైం ఇస్తుంది. 7:30కి వదిలారనుకుంటే 9:45కి ఢిల్లీ మీదికి చేరతారు, ఓ అరగంట గాల్లో చక్కర్లు, 10:15కి దిగుతారు. కాశీ ఫ్లైట్ వెళ్లిపోయి ఉంటుంది, లేదా కాశీలోనూ మంచే కాబట్టి అది కూడా కదలకుండా ఉంటుంది. రెండోది జరగాలని కోరుకోవాల్సి రావడమే ఈ టికెట్‌లో ఉన్న తమాషా. పోతే, ఆ రోజు మిగతా కాశీ ఫ్లైట్లలో సీట్ల కోసం మీలాంటివాళ్లు చాలామంది లైన్లో ఉంటారు. పెద్దవాళ్లని పెట్టుకుని సాయంత్రం దాకా టెర్మినల్‌లో కూర్చోవడం కష్టం. ఎవరేమన్నా ఈ సీజన్‌లో ఢిల్లీ మీదుగా మాత్రం వెళ్లకండి. ఒక మంచు సరిపోతుంది, రెండు ఎయిర్‌పోర్టుల మంచు ఎందుకు?

తప్పక మారాల్సి వస్తే బెంగళూరు, ముంబై లాంటి చోట మారి, మధ్యాహ్నం కాశీలో దిగేది చూడండి. రెండు ఫ్లైట్లూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది లేట్ అయి రెండోది తప్పిపోయినప్పుడు, రెండో టికెట్ డబ్బులు పోయినట్టే.

మధ్యాహ్నం ఫ్లైట్ తీసుకున్నా ఒక తిరకాసు ఉంది. మీరు ఎక్కబోయే విమానం అంతకు ముందు ఎక్కడుంది? విమానం రోజంతా సిటీ బస్సులా ఊళ్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఒక సంక్రాంతికి అమ్మానాన్నలు నా దగ్గరికి రావడానికి శంషాబాద్‌లో 10 గంటల ఫ్లైట్ కోసం కూర్చున్నారు. బయట చక్కటి ఎండ. ఢిల్లీలో కూడా 11 కల్లా ఎండ వచ్చేసింది. అయినా రెండున్నర దాకా బయల్దేరలేదు. "ఇక్కడ ఎండ, అక్కడ ఎండ, మరి ఏమిట్రా ఈ టెన్షన్?" అని నాన్న ఫోన్ మీద ఫోన్. విషయం ఏమిటంటే వాళ్ల విమానం పొద్దున 7 గంటలకి ఢిల్లీలో లేచి హైదరాబాద్ రావాల్సింది. అది అక్కడే మంచులో చిక్కుకుపోయింది. ఆ మాట కౌంటర్లో ఎవరూ చెప్పలేదు, సాంకేతిక కారణాలనే అన్నారు.

దీన్ని ముందే కొంతవరకు పసిగట్టొచ్చు. flightradar24.com లో మీ ఫ్లైట్ నంబర్ కొడితే గత కొన్ని రోజుల్లో ఏ విమానం దాన్ని నడిపిందో VT- తో మొదలయ్యే నంబర్ కనిపిస్తుంది. ఆ నంబర్ మీద నొక్కితే అది ఆ రోజు అంతకు ముందు ఎక్కడెక్కడ తిరిగిందో వస్తుంది. రోజూ చెన్నై నుంచో విశాఖ నుంచో వచ్చి మీ ఫ్లైట్‌గా మారుతుంటే మంచిది. లక్నో, పట్నా, ఢిల్లీ నుంచి వస్తుంటే ఆ మంచు మీ దాకా వస్తుందనే లెక్క. ఇది గ్యారంటీ కాదు, కంపెనీ ఆఖరి నిమిషంలో విమానం మార్చొచ్చు. కానీ రెండు ఫ్లైట్ల మధ్య ఎంచుకోవాల్సి వస్తే దీన్ని బట్టి ఎంచుకోండి.

ముందు రోజు రాత్రి నేను ఎయిర్‌పోర్ట్ వాతావరణ రిపోర్ట్ ఒకసారి చూస్తాను. aviationweather.gov లో కాశీకి VEBN, ఢిల్లీకి VIDP అని కొట్టాలి. ఉదాహరణకి ఇలా ఉంటుంది:

```
VEBN 091730Z 00000KT 1200 BR NSC 11/10 Q1018
```

భయపడాల్సిందేమీ లేదు. 09 అంటే తేదీ, 1730Z అంటే మన టైంలో రాత్రి 11. 00000KT అంటే గాలి అసలు లేదు. NSC అంటే చెప్పుకోదగ్గ మబ్బుల్లేవు. 1200 మీటర్లు కనిపిస్తోంది. అసలు చూడాల్సింది 11/10. మొదటిది ఉష్ణోగ్రత, రెండోది ఏ ఉష్ణోగ్రతకి చేరితే తేమ మంచుగా మారుతుందో ఆ అంకె. రెండిటికీ ఒక్క డిగ్రీయే తేడా, గాలి లేదు, మబ్బుల్లేవు, తెల్లవారడానికి ఇంకా ఏడెనిమిది గంటలుంది. ఆ పొద్దున్న మంచు పడడం దాదాపు ఖాయం. అదే గాలి ఏడెనిమిది నాట్లు ఉండి, తేడా ఐదారు డిగ్రీలుంటే హాయిగా నిద్రపోవచ్చు.

ఈ లెక్కలన్నీ పనికిరాని రోజులూ ఉంటాయి. కొన్నిసార్లు మంచు కరగకుండా కాస్త పైకి లేచి, పలచటి మబ్బులా రోజంతా కప్పేస్తుంది. రెండు మూడు రోజులు ఎండ మొహం కనపడదు. అప్పుడు మధ్యాహ్నం ఫ్లైట్ కూడా ఆగిపోవచ్చు. అందుకే దర్శనం, హోమం లాంటివి దిగిన రోజే పెట్టుకోకండి, మర్నాటికి పెట్టుకోండి.

కాన్సిల్ చేస్తారా అంటే, చేయొచ్చు. 2024 జనవరిలో ఢిల్లీలో పెద్ద గందరగోళం అయ్యాక విమానయాన కంపెనీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ కొత్త ఆదేశాలు ఇచ్చింది. మూడు గంటలు దాటి లేట్ అవుతుందనిపిస్తే ముందే కాన్సిల్ చేసే వీలు కంపెనీలకి ఉంది. అలా అయితే మీకు ఇంకో ఫ్లైటో, పూర్తి రీఫండో ఇవ్వాలి. వాతావరణం వల్ల అయింది కాబట్టి నష్టపరిహారం రాదు, దాని కోసం వాదించి లాభం లేదు. ఇలాంటి ఫ్లైట్లలో రెండు గంటలు దాటి లేట్ అయితే తినడానికి ఏదైనా ఇవ్వాలి, అది మాత్రం అడిగి తీసుకోండి. బుక్ చేసేటప్పుడు టికెట్‌లో మీ సొంత ఫోన్ నంబరే పెట్టండి. ఏజెంట్ నంబర్ ఉంటే కాన్సిల్ మెసేజ్ ఆయనకి వెళ్తుంది, మీరు ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తారు.

తిరుగు ప్రయాణానికి కాశీలో 1 నుంచి 4 మధ్య బయల్దేరేది చూడండి. రాత్రి ఆఖరి ఫ్లైట్ వద్దు. పొద్దుటి ఆలస్యాలన్నీ పోగుపడి దాని మీదే పడతాయి. పైలట్ల డ్యూటీ గంటలు అయిపోయాయంటే ఇక ఆ రాత్రికి అది లేవదు, ఆపైన ఆ రోజు ఇంకో ఫ్లైట్ కూడా ఉండదు.