మూడు ల్యాబుల లిపిడ్ రిపోర్టులు ఒకే షీట్‌లో

"నాన్నగారికి 64 ఏళ్లు. గుంటూరులో లిపిడ్ ప్రొఫైల్ చేయిస్తే ఎల్‌డీఎల్ 118 వచ్చింది, పక్కన H అని పడింది. హైదరాబాద్‌లో ఇంకో ల్యాబులో 128 వచ్చింది, కానీ ఏ గుర్తూ లేదు. మెల్‌బోర్న్‌లో అన్నయ్య దగ్గర ఉన్నప్పుడు చేయిస్తే 3.2 అన్నారు. మూడూ గూగుల్ షీట్స్‌లో ఎక్కించి గ్రాఫ్ వేస్తే గీత నేలకు పడిపోయింది. కొలెస్ట్రాల్ పెరిగిందా, తగ్గిందా? వీటిని ఒకచోట ఎలా రాసుకోవాలి? రిపోర్టుల ఫోటోలు పంపుతున్నాను."
— గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

ఫోటోలు చూశాను. ఈ మూడు రిపోర్టులను బట్టి పెరిగిందనీ చెప్పలేం, తగ్గిందనీ చెప్పలేం. దాదాపు ఉన్నచోటే ఉంది. తేడా అంతా మూడు ల్యాబులు మూడు రకాలుగా లెక్క చెప్పడంలో ఉంది.

ముందు గుంటూరు రిపోర్టు తీయండి. ఎల్‌డీఎల్ అనే పేరు కింద చిన్న అక్షరాల్లో `Calculated` అని ఉంది. అంటే ఆ 118ని ఏ మిషనూ కొలవలేదు. టోటల్ కొలెస్ట్రాల్ 204, హెచ్‌డీఎల్ 42, ట్రైగ్లిజరైడ్స్ 220. ఈ మూడింటినే కొలిచారు. ట్రైగ్లిజరైడ్స్‌ను 5తో భాగిస్తే 44. 204లోంచి 42, 44 తీసేస్తే 118. అమెరికాలో ఫ్రీడ్‌వాల్డ్, లెవీ, ఫ్రెడ్రిక్సన్ అనే ముగ్గురు 1972లో ఇచ్చిన సూత్రం ఇది. ఎల్‌డీఎల్‌ను నేరుగా వేరుచేసి కొలవాలంటే అప్పట్లో అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అనే పెద్ద యంత్రం కావాలి. ఆ అవసరం లేకుండా కాగితం మీద లెక్కకట్టే దారి చూపించారు. రక్తంలో కొవ్వును మోసే వీఎల్‌డీఎల్ అనే కణాల్లో ట్రైగ్లిజరైడ్స్ ఐదు పాళ్లుంటే కొలెస్ట్రాల్ ఒక పాలు ఉంటుందని అనుకోవడమే దాని కిటుకు. ట్రైగ్లిజరైడ్స్ పెరిగేకొద్దీ ఈ నిష్పత్తి నిలవదు. అప్పుడు సూత్రం అవసరానికి మించి తీసేస్తుంది, ఎల్‌డీఎల్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. 400 దాటితే ఈ సూత్రం వాడనే కూడదు.

హైదరాబాద్ రిపోర్టులో అదే చోట `Direct` అని ఉంది. అక్కడ ఎల్‌డీఎల్‌ను రసాయనంతో నేరుగా కొలిచారు. మిగతా కణాలు అడ్డురాకుండా ప్రత్యేక రీఏజెంట్లు వాడి, ఎల్‌డీఎల్‌లోని కొలెస్ట్రాల్‌ను మాత్రమే పట్టుకుంటారు. ఆ రీఏజెంట్లు ఒక్కో కంపెనీవి ఒక్కో తీరుగా పనిచేస్తాయి. ముఖ్యంగా ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్న రక్తంలో ఆ తేడా బయటపడుతుంది. కాబట్టి నేరుగా కొలిచినదే నిజం, లెక్కకట్టినది అబద్ధం అని కూడా అనుకోవద్దు. ఇప్పుడు ఆ రిపోర్టులోని మిగతా అంకెలు చూడండి. టోటల్ 206, హెచ్‌డీఎల్ 41, ట్రైగ్లిజరైడ్స్ 230. పాత సూత్రంతో మనమే లెక్కవేస్తే 119 వస్తుంది. గుంటూరులో 118, ఇక్కడ 119. మిమ్మల్ని టెన్షన్ పెట్టిన పది పాయింట్లలో తొమ్మిది పద్ధతి మారడం వల్ల వచ్చినవే.

ఇక H సంగతి. 118కి గుర్తు పడి 128కి పడకపోవడం ఎవరికైనా తికమకగానే ఉంటుంది. గుంటూరు ల్యాబు పక్క కాలమ్‌లో 100 లోపు ఉండాలని ముద్రించింది, హైదరాబాద్ ల్యాబు 130 లోపు అని ముద్రించింది. హిమోగ్లోబిన్ లాంటి టెస్టులకు ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మందికి వచ్చే విలువలను బట్టి రేంజ్ కడతారు. లిపిడ్‌కు అలా కాదు. గుండెజబ్బు ముప్పును చూసి నిపుణుల సంఘాలు గీసిన గీతలు అవి. 2001లో అమెరికాలో వచ్చిన మార్గదర్శకాల్లో ఎల్‌డీఎల్ 100 లోపు చాలా మంచిది, 100 నుంచి 129 దానికి దగ్గర, 130 నుంచి 159 హద్దు మీద ఉన్నట్టు అని మెట్లుగా చెప్పారు. ఒక ల్యాబు మొదటి మెట్టును, ఇంకో ల్యాబు రెండో మెట్టును హద్దుగా పెట్టుకుంది. ఆ H రిపోర్టు సాఫ్ట్‌వేర్ వేసే గుర్తు, డాక్టరు మాట కాదు. ఇప్పటికే హార్ట్ ఎటాక్ వచ్చినవారికి డాక్టర్లు 70 లోపో, కొన్ని సందర్భాల్లో 55 లోపో ఉండాలంటారు. అలాంటివారికి ఏ గుర్తూ లేని 128 కూడా ఎక్కువే. అందుకే ల్యాబు ముద్రించిన రేంజ్‌ను ఒక కాలమ్‌లో, నాన్నగారికి డాక్టరు చెప్పిన టార్గెట్‌ను వేరే కాలమ్‌లో రాయండి. రెండింటినీ కలిపేయవద్దు.

మెల్‌బోర్న్ 3.2 వేరే యూనిట్‌లో ఉంది. మన ల్యాబులు డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో చెబుతాయి, ఆస్ట్రేలియాలో లీటరుకు మిల్లీమోల్స్‌లో చెబుతారు. కొలెస్ట్రాల్ అయితే 38.67తో, ట్రైగ్లిజరైడ్స్ అయితే 88.57తో గుణిస్తే మన యూనిట్ వస్తుంది. ఈ రెండు గుణకాలూ వేరని మరిచిపోయి, అన్నింటినీ 38.67తో గుణించేవాళ్లు ఎక్కువ. అలా చేస్తే ట్రైగ్లిజరైడ్స్ సగానికంటే తక్కువై అద్భుతంగా కనిపిస్తాయి.

ఇప్పుడు షీట్. ఒక రిపోర్టుకు ఒక వరుస చాలు. A నుంచి J వరకు రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి. వరుసగా శాంపిల్ తీసిన తేదీ, ల్యాబు, ఎన్ని గంటలు ఏమీ తినకుండా ఉన్నారు, యూనిట్, టోటల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్స్, ఎల్‌డీఎల్, ఎల్‌డీఎల్ పద్ధతి, ముద్రించిన రేంజ్. ఇక్కడ మీ సొంత సవరణలేవీ చేయకండి. 3.2ను 3.2గానే ఉంచండి. యూనిట్ కాలమ్‌లో `mg/dL` లేదా `mmol/L` అని ప్రతిసారీ ఒకేలా టైప్ చేయాలి. లెక్కలన్నీ K నుంచి మొదలవుతాయి. రెండో వరుసలో K, L, M, N, O గడుల్లో ఇవి పెట్టి కిందికి లాగండి.

```
K2: =E2*IF($D2="mmol/L",38.67,1)
L2: =F2*IF($D2="mmol/L",38.67,1)
M2: =G2*IF($D2="mmol/L",88.57,1)
N2: =K2-L2
O2: =IF(M2>=400,"",K2-L2-M2/5)
```

K, L, M మన యూనిట్‌లోకి మారిన టోటల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్స్. O అన్ని రిపోర్టులకూ ఒకే సూత్రంతో మనం వేసుకున్న ఎల్‌డీఎల్. N మాత్రం కాస్త ఆగి చూడాల్సిన కాలమ్. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే మిగిలేది నాన్-హెచ్‌డీఎల్. అందులో ట్రైగ్లిజరైడ్స్ ప్రమేయమే లేదు, ఐదుతో భాగించే ఊహా లేదు. పైగా టిఫిన్ తిన్నాక ఇచ్చిన శాంపిల్‌లో కూడా అది పెద్దగా మారదు.

మీ అంకెలతోనే చూద్దాం. మెల్‌బోర్న్‌లో టోటల్ 5.2, హెచ్‌డీఎల్ 1.1, ట్రైగ్లిజరైడ్స్ 1.9. మన యూనిట్‌లో 201, 43, 168. మీ షీట్‌లో O కాలమ్ మూడు వరుసల్లో 118, 119, 125 అని వస్తుంది. N కాలమ్‌లో 162, 165, 159 వస్తాయి. ఒకటి పెరిగినట్టు, ఒకటి తగ్గినట్టు ఉంది కదా. నిజానికి టోటల్ గుంటూరు కంటే మూడు పాయింట్లు తగ్గింది. ట్రైగ్లిజరైడ్స్ 220 నుంచి 168కి దిగడంతో సూత్రం తీసేసే భాగం 44 నుంచి 34కి పడింది. తీసేసేది తగ్గితే మిగిలేది పెరుగుతుంది. ఎల్‌డీఎల్ పెరిగినట్టు కనిపించడానికి అదే కారణం. అందుకే వేర్వేరు ల్యాబుల రిపోర్టులు కలిపి గ్రాఫ్ వేసేటప్పుడు నేను N కాలమ్‌నే తీసుకుంటాను. ఏ మార్పూ రాకపోయినా ఒక మనిషి టోటల్ కొలెస్ట్రాల్ రోజుకూ రోజుకూ ఐదారు శాతం అటూ ఇటూ ఊగుతుంది. ట్రైగ్లిజరైడ్స్ అయితే 20 శాతం దాకా ఊగుతాయి. ఆ లెక్కన 162, 165, 159 ఒకే గీత.

తేదీ దగ్గర ఒక ఉచ్చు ఉంది. మన రిపోర్టులో 05/06/2023 అంటే జూన్ 5. షీట్ అమెరికా సెట్టింగులో ఉంటే దాన్ని మే 6గా చదువుకుంటుంది, ఏ హెచ్చరికా ఇవ్వదు. అదే 18/01/2024 అయితే పద్దెనిమిదో నెల లేదు కాబట్టి తేదీగా కాక మామూలు అక్షరాలుగా తీసుకుంటుంది. గడిలో కుడివైపు ఉండాల్సిన తేదీ ఎడమవైపుకు జరిగితే అదే గుర్తు. `File > Settings` లో `Locale` ను `India` చేయండి, లేదా 2023-06-05 అని సంవత్సరంతో మొదలుపెట్టి కొట్టండి. రిపోర్టు ఇచ్చిన తేదీ కాకుండా శాంపిల్ తీసిన తేదీ వేయండి.

ల్యాబు కాలమ్‌లో బోర్డు మీది పేరు చాలదు. గుంటూరులో రక్తం తీసి హైదరాబాద్‌లో టెస్టు చేసే సెంటర్లు చాలా ఉన్నాయి. రిపోర్టు అడుగున ఎక్కడ ప్రాసెస్ చేశారో ఉంటుంది, అది రాయండి. ఒకే ల్యాబు అయినా పద్ధతి కాలమ్ ప్రతిసారీ చూడాలి. 2013లో వచ్చిన మార్టిన్-హాప్కిన్స్, 2020లో వచ్చిన శాంప్సన్ అనే కొత్త సూత్రాలకు కొన్ని ల్యాబులు మారుతున్నాయి. అలా మారిన రోజు నుంచి, తిండీ మందులూ మారకపోయినా ఎల్‌డీఎల్ కాస్త జరుగుతుంది.

తినకుండా ఉన్న గంటల కాలమ్ ఎందుకంటారేమో, మా అమ్మ రిపోర్టే నాకు నేర్పింది. పెళ్లి భోజనం చేసిన సాయంత్రం ఒక ల్యాబువాళ్లు ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లారు. ట్రైగ్లిజరైడ్స్ 310 వచ్చాయి. రిపోర్టులో భోజనం మాట ఎక్కడా లేదు. వారం తర్వాత 12 గంటలు ఏమీ తినకుండా ఇస్తే 184. ఆరు నెలల తర్వాత నేనే ఆ 310ని చూసి కంగారుపడ్డాను, ఆ పెళ్లి సంగతి అమ్మకు గుర్తుంది, నాకు లేదు. ఇంకో కాలమ్‌లో మందులు రాయండి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మొదలుపెట్టిన తేదీ, డోసు మారిన తేదీ లేకపోతే పడిపోయిన గీతకు అర్థం తెలియదు.

అసలు పీడీఎఫ్‌లను వాట్సాప్‌లో వదిలేయకుండా డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి, `2023-06-05_lipid_guntur.pdf` లాంటి పేరు పెట్టండి. తేదీ ముందుంటే వాటంతటవే వరుసలో నిలబడతాయి. అన్నయ్యకు షీట్ ఇచ్చేటప్పుడు ఆయన మెయిల్ ఐడీకే షేర్ చేయండి, `Anyone with the link` పెట్టకండి.

తర్వాతి టెస్టు గుంటూరులోని అదే ల్యాబులో, అన్నే గంటలు ఉపవాసం ఉండి చేయించగలిగితే మంచిది. మందు మార్చాలా వద్దా అనేది డాక్టరు నిర్ణయించే సమయంలో ఒకే పద్ధతిలో తీసిన రెండు అంకెలు పక్కపక్కన ఉంటాయి. ఆయన దగ్గరకు వెళ్లేటప్పుడు షీట్‌తో పాటు మూడు అసలు రిపోర్టులూ పట్టుకెళ్లండి. O కాలమ్ మనం వేసుకున్నది, ల్యాబు ఇచ్చింది కాదని ఆయనకు ముందే చెప్పండి.